రూ.699 హెడ్‌ల్యాంప్‌లో 90,000 ల్యూమెన్లా?

ప్రశ్న: డిసెంబరులో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నా. ఆన్‌లైన్‌లో రూ.699కి హెడ్‌ల్యాంప్ కొన్నా. 90,000 ల్యూమెన్లు, 9,900 ఎంఏహెచ్ 18650 బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ అని రాశారు. మొన్నే వచ్చింది. ఉంచుకోనా, వెనక్కి పంపనా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: పంపేయండి. రాసిన అంకెలే దాని గుట్టు విప్పుతున్నాయి. మంచి ఎల్ఈడీ వాట్‌కి 150 ల్యూమెన్ల వెలుగు ఇస్తుందనుకుందాం. 90,000 రావాలంటే 600 వాట్లు కావాలి. నిఖార్సైన 18650 సైజు సెల్‌లో ఉండేది దాదాపు 11 వాట్ అవర్లు. అంటే ఒక్క నిమిషంలో ఖాళీ! పైగా నుదుటి మీద ఇస్త్రీపెట్టె పెట్టుకున్నట్టే.

9,900 కూడా కోతే. పేరున్న కంపెనీల 18650 సెల్స్ మామూలుగా 2,000 నుంచి 3,600 ఎంఏహెచ్ మధ్యే ఉంటాయి. బ్యాటరీ ఊడి వస్తే వంటింటి డిజిటల్ తక్కెడ మీద పెట్టండి. అసలుది 45-50 గ్రాములు తూగుతుంది. 30 దగ్గర ఆగితే లోపల సరుకు లేనట్టే. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, పొడి నింపి తూకం సరిచేసే ఘనులూ ఉన్నారు. కోసి చూడకండి, అంటుకుంటుంది.

తర్వాత లేబుల్. లిథియం సెల్ మీద బీఐఎస్ గుర్తు, కింద R- తో మొదలయ్యే నంబరు ఉండాలి. దాన్ని BIS Care యాప్‌లో కొట్టండి. వేరే కంపెనీ పేరో, వేరే వస్తువో వస్తే అది అరువు నంబరే. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా లేకపోవడమూ ఫిర్యాదుకు పనికొస్తుంది. ఉత్త ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాటకు విలువ లేదు, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే IPX రేటింగ్ చూడాలి. IPX4 అంటే చినుకులకు తట్టుకుంటుంది, IPX7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట.

ఈసారి కొనేటప్పుడు టార్చిలైట్లకు వాడే FL1 ప్రమాణం ప్రకారం కొలిచినట్టు చెప్పేది చూడండి. 300-400 ల్యూమెన్లుంటే ట్రెక్‌కి ధారాళంగా సరిపోతుంది. ఇందులోనూ ఒక తిరకాసుంది. రన్‌టైమ్‌ని వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కేస్తారు. ‘40 గంటలు’ అంటే 40 గంటలూ ఒకే వెలుగని కాదు.

ఇక రిటర్న్. ముందు ప్రొడక్ట్ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి, అమ్మకందారు తర్వాత మార్చేయొచ్చు. తూకం వేస్తూ వీడియో తీయండి. ఫుల్ చార్జ్ చేసి, ఎక్కువ వెలుగులో పెట్టి ఎంతసేపు నిలుస్తుందో చూడండి. నీళ్లలో మాత్రం ముంచకండి, తడిసిందని తిప్పి పంపేస్తారు. కారణం దగ్గర ‘అవసరం లేదు’ అని కాకుండా, ‘వివరాలకు తగ్గట్టు లేదు’ అన్న అర్థం వచ్చేదాన్ని ఎంచుకుని తూకం ఫొటో జత చేయండి. ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని ఉంటే కస్టమర్ కేర్‌తో మాట్లాడి రీఫండే అడగండి. లేకపోతే అదే సరుకు ఇంకోటి వస్తుంది.