ఒకటి అచ్చై, తర్వాతి లేబుల్ ఖాళీగా వస్తుంటే

ప్రశ్న: మాది చిన్న ఫ్యాన్సీ షాపు. ధరల స్టిక్కర్ల కోసం థర్మల్ లేబుల్ ప్రింటర్ కొన్నాం. రోల్ 50×25 మి.మీ. ఒక లేబుల్ మీద ప్రింట్ పడుతోంది, దాని తర్వాతిది ఖాళీగా వస్తోంది. కాలిబ్రేషన్ చేసినా మార్పు లేదు. ప్రింటర్ మార్చి ఇమ్మని అడగమంటారా?

జవాబు: అప్పుడే అడగకండి. ముందు కంప్యూటర్ జోలికి పోకుండా ప్రింటర్ మీది FEED బటన్‌ను ఆగి ఆగి నాలుగైదు సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఒక్క లేబులే వచ్చి, చింపే అంచు దగ్గర గ్యాప్ సరిగ్గా ఆగుతోందా? అలాగైతే సెన్సర్‌కు లేబుల్ ఎక్కడ ముగుస్తుందో తెలుస్తున్నట్టే. లోపం కంప్యూటర్ పంపుతున్న కొలతలో ఉంటుంది, ఎన్నిసార్లు కాలిబ్రేషన్ చేసినా అది పోదు.

ఇంత క్రమంగా ఒకటి విడిచి ఒకటి ఖాళీగా వస్తోందంటే నా అనుమానం కూడా కొలత మీదే. మా బట్టల కొట్లో ప్రింటర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక లేబుల్ పై అంచు నుంచి తర్వాతి లేబుల్ పై అంచు దాకా స్కేలుతో కొలిచి, ఎత్తు 28 అని ఇచ్చి వెళ్లాడు. అందులో లేబుల్ 25 మి.మీ., మిగతా 3 గ్యాప్. ఎత్తు 28 అంటే ప్రింటర్ గ్యాప్‌ను కూడా లేబుల్‌గానే లెక్కేసుకుని దాటిపోతుంది. ఆ తర్వాత ఆగడానికి గ్యాప్ కోసం వెతుకుతుంది. అది రెండో లేబుల్ చివర గానీ దొరకదు. మధ్యలో ఉన్న లేబుల్ ఖాళీగా వెళ్లిపోతుంది. ఎత్తు 25, గ్యాప్ 3 అని విడివిడిగా ఇవ్వగానే మాకు సమస్య తీరింది. వెడల్పు, ఎత్తు తారుమారైనా ఇలాంటి ఫలితమే కనిపిస్తుంది, ఎందుకంటే 50 ఎత్తు రెండు లేబుళ్లను మింగేస్తుంది.

ఈ కొలత రెండు చోట్ల ఉంటుందని మరిచిపోవద్దు. ఒకటి విండోస్‌లో ప్రింటర్ డ్రైవర్ Printing preferences లోపల, రెండోది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో లేబుల్ డిజైన్ దగ్గర. రెండూ ఒకటే కావాలి. డ్రైవర్‌లో లేబుల్ రకం గ్యాప్ ఉన్నదిగా ఎంచుకోండి. బ్లాక్ మార్క్ అని గానీ, కంటిన్యువస్ అని గానీ ఉండకూడదు.

మీ ప్రింటర్ TSPL భాష అర్థం చేసుకునేదైతే సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తప్పించి పరీక్షించవచ్చు. ఈ వరుసలను test.txt గా దాచుకోండి, చివరి వరుస తర్వాత కూడా ఎంటర్ నొక్కండి.

```
SIZE 50 mm,25 mm
GAP 3 mm,0 mm
CLS
TEXT 20,20,"3",0,1,1,"TEST"
PRINT 3
```

ప్రింటర్‌ను LABEL అనే పేరుతో షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా పంపండి.

```
copy /b test.txt \\localhost\LABEL
```

వరుసగా మూడు లేబుళ్ల మీద ప్రింట్ పడితే ప్రింటర్‌కు ఏ జబ్బూ లేదు, సాఫ్ట్‌వేర్‌లో కొలత వెతుక్కోండి.

FEED నొక్కినా లేబుళ్లు దాటిపోతుంటే మాత్రం సెన్సర్ సంగతి చూడాలి. గ్యాప్ సెన్సర్ కాగితం గుండా వెలుగును పంపి, అవతల ఎంత చేరిందో చూస్తుంది. లేబుల్ ఉన్నచోట రెండు పొరలు కాబట్టి వెలుగు తక్కువ, గ్యాప్ దగ్గర వెనక కాగితం ఒక్కటే కాబట్టి ఎక్కువ. ఆ తేడాను గుర్తుపెట్టుకోవడమే కాలిబ్రేషన్. అందుకే రోజూ వాడే రోల్‌నే ఎక్కించి, గైడ్లను కాగితానికి ఆనించి, మూత గట్టిగా మూసి చేయాలి. ఆ సమయంలో కొన్ని లేబుళ్లు ఖాళీగా పోవడం మామూలే. వేరే కంపెనీ రోల్ తెస్తే వెనక కాగితం మందం మారవచ్చు, అప్పుడు మళ్లీ చేయక తప్పదు. ఏ బటన్ ఎంతసేపు పట్టుకోవాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి.

రేపు ఎప్పుడైనా పక్కపక్కన రెండేసి లేబుళ్లుండే రోల్ కొంటే ఒక చిక్కుంది. సెన్సర్ సరిగ్గా మధ్యలో ఉంటే దాని కింద ఎప్పుడూ రెండు వరుసల నడుమ నిలువు సందే ఉంటుంది. దానికి అంతా గ్యాప్‌లాగే కనబడుతుంది, ఎర్రర్ చూపిస్తుంది. జరిపే వీలున్న సెన్సర్ అయితే కాస్త పక్కకు, లేబుల్ మీదికి జరిపి కాలిబ్రేషన్ చేయండి. కదలని సెన్సర్ అయితే రోల్ కొనే ముందే ప్రింటర్ అమ్మినవారిని ఆ రోల్ నడుస్తుందేమో అడగడం మంచిది. అలాంటి రోల్‌కు వెడల్పు కూడా రెండు లేబుళ్లు, మధ్య సందు కలిపి ఇవ్వాలి. 38 మి.మీ. లేబుళ్ల మధ్య 2 మి.మీ. సందుంటే 78 అన్నమాట.

కొన్నాళ్లు బాగా నడిచి, తర్వాత ఎప్పుడో ఒకటి దాటడం మొదలుపెడితే కొలతలు మార్చకండి. మూత తెరిచి సెన్సర్ మీద జిగురు, కాగితపు పొట్టు చేరిందేమో చూడండి. స్విచ్ ఆపి, పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది.