అతుకు దగ్గర చూడవలసినవి మూడు

ప్రశ్న: ప్రమేయాన్ని ముక్కలుగా ఇచ్చి, అవి కలిసే చోట అవిచ్ఛిన్నంగా ఉండేలా a, b కనుక్కోమంటారు. ఆ x విలువను రెండు సూత్రాల్లోనూ వేసి సమానం చేస్తే సరిపోతుంది కదా? ఎడమ అవధి, కుడి అవధి అంటూ అంత తతంగం ఎందుకు?

సరిపోదు. చాలా లెక్కల్లో జవాబు వచ్చేస్తుంది కాబట్టే ఆ అలవాటు వదలదు. రెండు ముక్కలూ బహుపదులైతే మీ పద్ధతి పనిచేస్తుంది. ఎందుకంటే బహుపదికి ఏ బిందువు దగ్గరైనా అవధి, విలువ ఒక్కటే. అంటే అక్కడ మీరు చేస్తున్నది కూడా అవధి లెక్కే, పేరు మాత్రం రాయడం లేదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతాను. పోయిన వేసవిలో ఒకరోజు బోర్డు మీద ఈ లెక్క వేశాను.

```
f(x) = sin(ax)/x           , x < 0
     = b + 1               , x = 0
     = (√(1 + 6x) − 1)/x   , x > 0
```

మంచి మార్కులు తెచ్చుకునే అమ్మాయి ఒకతె వెంటనే లేచి, "సున్నా వేస్తే పైనా సున్నా, కిందా సున్నా. రెండు వైపులా విలువే లేదు. ఇక a, b ఏం పెట్టినా కుదరదు సార్" అంది. "ఆ మొదటి సూత్రం ఏ x లకు ఇచ్చారమ్మా?" అని అడిగాను. సున్నా కంటే తక్కువ వాటికి. మరి సున్నా దగ్గర దాని విలువ మనకెందుకు? అక్కడి విలువ చెప్పడానికి మధ్య వరుస ఉంది, అది b + 1. మొదటి సూత్రాన్ని అడగవలసింది ఒక్కటే: x ఋణ సంఖ్యల మీదుగా సున్నాకు చేరువవుతుంటే నువ్వు దేనికి చేరువవుతున్నావు?

sin(ax)/x అయితే a కు చేరువవుతుంది. కుడి వైపు లవాన్నీ హారాన్నీ √(1 + 6x) + 1 తో గుణిస్తే, పైన (1 + 6x) − 1, అంటే 6x మిగులుతుంది. x కొట్టేస్తే 6/(√(1 + 6x) + 1). ఇప్పుడు x సున్నాకు వెళితే 6/2, అంటే 3. ఎడమ అవధి a, విలువ b + 1, కుడి అవధి 3. మూడూ ఒకటి కావాలి కాబట్టి a = 3, b = 2. అతుకు ఒక్కటే అయినా సమీకరణాలు రెండు వచ్చాయి, తెలియనివి రెండూ తేలాయి. రెండు సూత్రాలనే సమానం చేసి వదిలేసేవారికి b ఎప్పటికీ దొరకదు.

ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. a = 3 పెట్టి, x = −0.001 వేసి ఫోను కాలిక్యులేటర్‌లో చూసుకుంది. 0.0523 అని వచ్చింది! ఫోను డిగ్రీల్లో ఉంది. sin(ax)/x అవధి a అయ్యేది కోణం రేడియన్లలో ఉన్నప్పుడే. డిగ్రీల్లో అయితే అది a × π/180 అవుతుంది. రేడియన్లకు మార్చాక 2.99999 వచ్చింది. కుడి వైపు x = 0.001 వేస్తే 2.9955. సందేహం వస్తే ఇలా అతి చిన్న సంఖ్య వేసి చూసుకోండి. అది రుజువు కాదు కానీ, తప్పు జవాబును అక్కడికక్కడే పట్టిస్తుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. నగరంలో కోచింగ్ సెంటర్లు పిల్లలకు 0/0 కనబడితే చాలు లోపిటాల్ నియమం వాడమని నూరిపోస్తున్నాయి. జవాబు వస్తుంది, నిజమే. కానీ sin x కు అవకలజం cos x అని రాబట్టడానికే sin x/x అవధి 1 అని ముందు తెలియాలి. దాన్నే తిరిగి దీనితో రాబట్టడం తర్కం కాదు. పైగా ఆ అలవాటుతో పిల్లలు అవిచ్ఛిన్నత అడిగిన చోట కూడా రెండు ముక్కల అవకలజాలను సమానం చేస్తున్నారు. అవిచ్ఛిన్నతకు అతుకు దగ్గర వాలు కలవనక్కర్లేదు. |x| సున్నా దగ్గర అవిచ్ఛిన్నమే, వాలు మాత్రం ఎడమన −1, కుడిన 1.

పై లెక్కలోనే b + 1 స్థానంలో 5 పెట్టి చూడండి. ఎడమ వైపును a = 5 తో సరిచేయవచ్చు. కుడి అవధి 3 మాత్రం కదలదు, అందులో మార్చడానికి స్థిరాంకమే లేదు. అప్పుడు "అలాంటి a లేదు" అని కారణంతో సహా రాయండి. పూర్తి జవాబు అదే.