నవ్వించాలి, నొప్పించకూడదు: స్నేహితుడి పుట్టినరోజుకు నేను రాసింది

ప్రశ్న: ప్రాణ స్నేహితుడి పుట్టినరోజు వస్తోంది. ప్రేమగా నాలుగు మాటలు రాయాలి. కాస్త ఆటపట్టించాలి కూడా, కానీ అందరి ముందూ వాడు ఇబ్బంది పడకూడదు. ఎలా రాయాలి?

మాది తిరుపతి. మా వాడికి పోయిన పుట్టినరోజుకు నేను రాసింది చెబుతాను. అలిపిరి మెట్లు 3550. వాడితో నడిస్తే మొదటి మెట్టు నుంచే "ఇంగ రెండు మెట్లేరా, వచ్చేసినాం" అంటాడు. గాలిగోపురం దాటాక దారి కొంత చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. ముందు మోకాళ్ల పర్వతం ఉందని తెలిసినవాళ్లు కూడా నమ్మేస్తారు. ఆటపట్టించడానికి నేను ఈ అలవాటునే తీసుకున్నాను. వాడు దాన్ని దాచుకోడు, అందరి ముందూ చేస్తాడు. పైగా అది వాడి మంచితనంలోంచే వచ్చింది.

రాసింది ఇది:

"మామా, అలిపిరిలో నువ్వు చెప్పిన రెండు మెట్లు ఇంకా అయిపోలేదు. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఎక్కిన రోజు మాత్రం ఆ అబద్ధమే పనిచేసింది. సంచి నువ్వు మోసినావు, ఆమెతోపాటే మెట్టు మెట్టుకీ ఆగినావు, ఒక్కసారీ తొందరపెట్టలేదు. 'ఆ పిల్లోడు లేకుంటే కొండ చేరేదాన్ని కాదు' అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పుట్టినరోజు శుభాకాంక్షలురా. నూరేళ్లకీ ఇంగ రెండు మెట్లే!"

ఇందులో వరస ముఖ్యం. ముందు పొగిడి తర్వాత ఎగతాళి చేస్తే చదివేవాళ్లకి ఎగతాళే గుర్తుంటుంది. అందుకే ఎగతాళిని ఒక్క వాక్యంతో ముగించి, మిగతాదంతా జరిగిన సంగతికే ఇచ్చాను. "చాలా మంచివాడు" అని ఎక్కడా రాయలేదు, సంచి మోసినాడని రాస్తే చాలు.

ఆ రోజు కొండమీద ఇంకో తమాషా కూడా జరిగింది. దాన్ని తలుచుకుని మేం స్నేహితులం ఇప్పటికీ పగలబడి నవ్వుకుంటాం, కానీ అది రాయలేదు. నేను ఇది పెట్టిన గ్రూపులో వాడి అత్తగారూ, ఆఫీసువాళ్లూ ఉన్నారు. ఏ మాటనైనా వాడే స్వయంగా అత్తగారి ముందు నవ్వుతూ చెప్పగలడా అని చూసుకోండి. సందేహమొస్తే తీసేయండి. జీతం, పెళ్లి, ఒళ్లు, తప్పిన పరీక్షలు, పాత ప్రేమల జోలికైతే అసలే వెళ్లొద్దు. ఫోటో కూడా వాడికి నచ్చిందే పెట్టండి. నేను వాళ్లావిడని అడిగి పెట్టాను.

కాసేపటికి వాళ్ల అత్తగారే "మాకూ అట్నే చెప్పినాడు నాయనా" అని రాసింది. తర్వాత ఒక్కొక్కరూ తమ రెండు మెట్ల కథ చెప్పడం మొదలుపెట్టారు. మాట ఇలా ఆ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంటే వాడూ హాయిగా కలుస్తాడు. ఎవరైనా వేరే పాత సంగతి తవ్వబోతే మాత్రం, సాయంత్రం కేక్ ఎన్నింటికని అడిగి వెంటనే మాట మార్చేయండి.