డైరెక్టర్ చెప్పాడు, స్నేహితుడు షేర్లు కొన్నాడు: ఇద్దరిలో తప్పు ఎవరిది?

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం, కంపెనీ సెక్రటరీ పరీక్షలకు చదువుతున్నాను. మాక్ టెస్టులో ఇది వచ్చింది. ఒక లిస్టెడ్ కంపెనీ బోర్డు ఇంకో కంపెనీని కొనడానికి ఒప్పుకుంది, ప్రకటన ఇంకా ఇవ్వలేదు. ఆ సాయంత్రమే డైరెక్టర్ ఎ తన స్నేహితుడు బికి సంగతి చెప్పాడు. ఎ ఒక్క షేరూ కొనలేదు. బి మర్నాడు 5,000 షేర్లు 200 రూపాయల చొప్పున కొని, ప్రకటన వచ్చాక 260కి అమ్మాడు. ఎ ట్రేడ్ చెయ్యలేదు కాబట్టి తప్పు లేదని, బి కంపెనీ మనిషి కాదు కాబట్టి ఇన్‌సైడర్ కాడని రాశాను. 8కి 2 వచ్చాయి. ఎక్కడ పోయాయి?

జవాబు: నేను ఒక లిస్టెడ్ కంపెనీ సెక్రటేరియల్ విభాగంలో పనిచేసి వచ్చి, ఇప్పుడు విజయనగరంలో సాయంత్రాలు ఈ పేపరు చెబుతున్నాను. మీరు రాసిన రెండు వాక్యాలూ మా పిల్లల పేపర్లలోనూ తరచూ కనిపిస్తాయి. ఎ, బిల సంగతి ఒకే పేరాలో కలిపి రాయడం వల్లే ఈ చిక్కు వస్తుంది. ఇద్దరి మీదా వేర్వేరు నిబంధనలు పడతాయి కాబట్టి విడదీసి రాయండి.

ముందు ఎ సంగతి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిషేధ నిబంధనల్లో రెగ్యులేషన్ 3(1) చెప్పడాన్నే నిషేధిస్తుంది. బయటికి రాని, ధర మీద గట్టిగా ప్రభావం చూపగల సమాచారాన్ని ఇన్‌సైడర్ ఎవరికీ చెప్పకూడదు, చేరనివ్వకూడదు. ఉద్యోగ విధి కోసమో, చట్టపరమైన బాధ్యత కోసమో, న్యాయమైన వ్యాపార అవసరం కోసమో అయితేనే మినహాయింపు. కంపెనీ కొనుగోలు అలాంటి సమాచారమేనని నిర్వచనంలోనే ఉంది. కాబట్టి ఎ నోరు విప్పిన క్షణంలోనే ఉల్లంఘన పూర్తయింది. బి ఒక్క షేరూ కొనకుండా ఊరుకున్నా ఎ తప్పు తప్పే.

ఆ మినహాయింపు ఎంత ఇరుకైందో నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు బాగా తెలిసింది. ఇలాంటి సమాచారం పంచుకున్న ప్రతి మనిషి పేరు, పాన్ నంబరుతో సహా, ఒక డిజిటల్ డేటాబేస్‌లో ఎక్కించాలి. తేదీ, సమయం దానంతటదే పడుతుంది, తర్వాత చెరపడానికి వీల్లేదు. రెగ్యులేషన్ 3(5) అడిగేది ఇదే. మర్చంట్ బ్యాంకర్, ఆడిటర్, లాయర్ పేర్లు ఎక్కించేటప్పుడు ఏ పని కోసం చెప్పామో నాలుగు మాటల్లో రాసేసేవాళ్ళం. స్నేహితుడి పేరు పక్కన ఏం రాస్తారు? అక్కడ రాయడానికి ఏమీ లేదంటే ఆ చెప్పడం 3(1) కిందికి వచ్చినట్టే. పరీక్షలో కూడా ఈ కొలతే పెట్టి చూడండి.

‘ఎకి ఏం లాభం కలిగింది’ అని వెతకొద్దు. డబ్బో మరో ప్రయోజనమో ముట్టాలన్న వాదన అమెరికా నుంచి, 1983 నాటి డిర్క్స్ తీర్పు నుంచి వచ్చింది. మన 3(1)లో ఆ షరతు లేదు. అక్కడ కూడా గోల్డ్‌మన్ శాక్స్ డైరెక్టర్ రజత్ గుప్తా తాను ట్రేడ్ చేసినందుకు జైలుకు వెళ్ళలేదు. 2008 సెప్టెంబరు 23న వారెన్ బఫెట్ కంపెనీ గోల్డ్‌మన్‌లో 500 కోట్ల డాలర్లు పెడుతోందన్న సంగతి బోర్డు ఫోన్ సమావేశంలో విని, అది ముగిసిన వెంటనే పెట్టుబడి ఫండ్ నడిపే రాజ్ రాజరత్నానికి ఫోన్ చేశారు. 2012లో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది, రెండేళ్ళ శిక్ష పడింది.

ఇక బి. ఇన్‌సైడర్ అంటే కంపెనీ మనిషే అనుకోవడం దగ్గర మీ మార్కులు ఎక్కువగా పోయాయి. రెగ్యులేషన్ 2(1)(జి) ప్రకారం ఇన్‌సైడర్ కావడానికి రెండు దారులు. మొదటిది కనెక్టెడ్ పర్సన్, అంటే కంపెనీతో సంబంధం ఉన్న మనిషి, కావడం, రెండోది ఆ సమాచారం చేతిలో ఉండడం లేదా అందుబాటులో ఉండడం. ఎ చెప్పాడని మీ ప్రశ్నే ఒప్పుకుంటోంది కాబట్టి బి రెండో దారిలో ఇన్‌సైడర్ అయిపోయాడు. తెలిసి కొన్నాడు కాబట్టి రెగ్యులేషన్ 4(1) ఉల్లంఘన. ‘నేను ఎలాగూ కొనేవాణ్ణే’ అని బి అన్నా, సమాచారం చేతిలో ఉండగా చేసిన ట్రేడ్ ఆ సమాచారం వల్లే జరిగిందని 4(1) వివరణ ముందే ఊహిస్తుంది. ఎని గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాడని ప్రశ్నలో ఉంటేనే 3(2) కూడా చేర్చండి. తప్పు కొన్న రోజే జరిగింది, ప్రకటన తర్వాత అమ్మడం లాభం లెక్కకే పనికొస్తుంది.

ప్రశ్న ఇచ్చేవాళ్ళు ఒక్క వాక్యం తీసేసి ఇదే లెక్కను తిరగేస్తారు. ‘ఎ చెప్పాడు’ అన్న మాట ఉండదు. ఇద్దరూ స్నేహితులు, బి సరిగ్గా ఆ వారమే కొన్నాడు, నాకేమీ తెలియదంటున్నాడు అని మాత్రమే ఉంటుంది. అప్పుడు మొదటి దారి ముఖ్యమవుతుంది. కనెక్టెడ్ పర్సన్ నిర్వచనంలో, ఆరు నెలల్లోపు కంపెనీ అధికారులతో తరచూ మాటామంతీ ఉండి, దానివల్ల సమాచారం అందే వీలున్న మనిషి కూడా వస్తాడు. మా పిల్లలకు నేను చెప్పే ఉదాహరణ ఇది: బి రోజూ పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద ఎతో కలిసి నడుస్తాడు, కంపెనీ కబుర్లు వింటుంటాడు. అలాంటివాణ్ణి కనెక్టెడ్ పర్సన్ అని వాదించవచ్చు. ఆ వాదన నిలిస్తే, తన దగ్గర సమాచారం లేదని రుజువు చేసుకునే భారం 4(2) ప్రకారం బి మీద పడుతుంది. ఏడాదికోసారి పైడితల్లమ్మ పండక్కి కలిసే చిన్ననాటి స్నేహితుడైతే నిర్వచనం అంత తేలిగ్గా అతకదు. అప్పుడు రుజువు భారం సెబీదే.

అక్కడ బలరామ్ గర్గ్ కేసు రాయండి. పీసీ జ్యువెలర్ షేర్ల వ్యవహారంలో 2022 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. బంధుత్వం ఉంది, ట్రేడ్ల సమయం అనుమానంగా ఉంది అన్నంత మాత్రాన సమాచారం చేరిందని తేల్చలేమని, ఉత్తరాలు, ఈమెయిళ్ళు, సాక్షులు లాంటి గట్టి ఆధారం కావాలని కోర్టు చెప్పింది. బంధుత్వమే చాలనప్పుడు స్నేహం ఒక్కటే ఎలా చాలుతుంది? మీ ప్రశ్నలో మాత్రం చెప్పిన సంగతి ఇచ్చేశారు కాబట్టి ఈ తీర్పు బిని కాపాడదు. ఒక్క వాక్యంలో ఆ తేడా చూపించండి.

శిక్ష దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. బి లాభం షేరుకు 60 చొప్పున 3 లక్షలు. దాన్ని మూడింతలు చేసి ‘జరిమానా 9 లక్షలు’ అని చాలామంది రాసేస్తారు. సెబీ చట్టం సెక్షన్ 15జి కనీస జరిమానాయే 10 లక్షలు అంటోంది. గరిష్ఠం 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఇక్కడ మూడు రెట్లు 9 లక్షలే కాబట్టి గరిష్ఠం 25 కోట్లే అవుతుంది. చెప్పినవాడికీ ఇదే సెక్షన్, అంటే లాభం లేని ఎ కూడా 10 లక్షల దగ్గర మొదలవుతాడు. బి దగ్గరున్న 3 లక్షలు సెక్షన్ 11బి కింద వెనక్కి కక్కించడం వేరే సంగతి, జరిమానాలో కలపకండి. సెక్షన్ 24 కింద పదేళ్ళ దాకా జైలు కూడా పడవచ్చని ఒక మాట చాలు.

మీరు పాత పుస్తకం చదువుతుంటే అందులో కంపెనీల చట్టం సెక్షన్ 195 కనిపిస్తుంది. దాన్ని 2017 సవరణ చట్టంతో తీసేశారు. జవాబులో రాయకండి.