హోల్‌సేల్ వ్యాపారికి పాత బాకీ వాయిదాల్లో కడతానని ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: మాది చిన్న ఊళ్లో చీరల దుకాణం. సరుకు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారికి రెండు లక్షల పైచిలుకు బాకీ పడ్డాం. వడ్డీతో కలిపి నెలనెలా సమాన వాయిదాల్లో కడతామని ఉత్తరం రాయాలనుకుంటున్నాను. అందులో ఏమేమి ఉండాలి?

జవాబు: మాదీ చీరల దుకాణమే. 2020 వేసవి పెళ్లిళ్ల కోసం దింపిన సరుకు లాక్‌డౌన్‌లో అలాగే ఉండిపోయి, విజయవాడ వ్యాపారికి ఇలాంటి ఉత్తరమే రాశాను.

ముందు ఆయన గుమాస్తా దగ్గర లెడ్జర్ కాపీ తెప్పించుకుని మీ పుస్తకంతో సరిచూసుకోండి. వాపసు పంపిన చీరల క్రెడిట్ నోట్లు చాలాసార్లు అక్కడ జమపడి ఉండవు. సంతకం చేసిన ఉత్తరం బాకీని ఒప్పుకున్న పత్రం అవుతుంది. దావా వేసే మూడేళ్ల గడువు తీరకముందే రాసి ఇస్తే, ఆ సంతకం నాటి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి అంకె తేలాకే కలం పట్టండి.

తర్వాత వడ్డీ. ‘రూపాయి వడ్డీ’ అని ఊరుకుంటే చాలదు, దేని మీద అనేది రాయాలి. రూ. 2,40,000 బాకీకి పన్నెండు నెలలూ మొత్తం అసలు మీదే వడ్డీ కడితే నెలకు రూ. 22,400 అవుతుంది. తగ్గుతూ వచ్చే నిల్వ మీద లెక్కిస్తే రూ. 21,324 చాలు. మొదటి నెల అందులో వడ్డీ రూ. 2,400, అసలుకు జమ రూ. 18,924. రెండో నెల వడ్డీ రూ. 2,211కు దిగుతుంది. ఏడాదికి తేడా దాదాపు పదమూడు వేలు.

నేను రాసిన ఉత్తరం సుమారుగా ఇది:

“అయ్యా, 2020 అక్టోబరు 10 నాటికి మా దుకాణం మీకు చెల్లించవలసినది రూ. 2,40,000. బిల్లుల జాబితా జతచేశాను. వేసవి సరుకు అమ్ముడుపోక గడువులోగా చెల్లించలేకపోయాను. ఈ మొత్తాన్ని తగ్గే నిల్వపై నెలకు నూటికి రూపాయి వడ్డీతో, నెలకు రూ. 21,324 చొప్పున 12 వాయిదాల్లో చెల్లిస్తాను. మొదటి వాయిదా నవంబరు 10న, ఆ తర్వాత ప్రతి నెలా 10వ తేదీన మీ ఖాతాకు పంపుతాను. ఈ సొమ్మును పాత బాకీకే, పాత బిల్లు మొదలుకొని జమ వేసుకోగలరు. ఇకపై తీసుకునే సరుకుకు నగదు చెల్లిస్తాను. ఏ నెలైనా వాయిదా కట్టలేకపోతే ముందే తెలిపి, ఆ నెల వడ్డీ చెల్లిస్తాను; మిగిలిన వాయిదాలు ఒక నెల జరుగుతాయి. సమ్మతమైతే రెండో ప్రతిపై సంతకం చేసి పంపగలరు.”

పదో తేదీ ఊరికే పెట్టలేదు. మా ఊళ్లో జీతాలు చేతికొచ్చి బేరాలు జరిగేది నెల మొదటి వారంలోనే. చివరి వాయిదాలో పైసల సర్దుబాటు వల్ల కొద్ది రూపాయల తేడా వస్తుంది, దానికి ఎవరూ గొడవపడరు.

జమ గురించిన వాక్యాన్ని మాత్రం వదలవద్దు. కొత్త సరుకు కొంటూ పాత బాకీ కడుతున్నప్పుడు, ఏ సొమ్ము దేనికో మీరు చెప్పకపోతే దేనికి జమ వేసుకోవాలో నిర్ణయించే హక్కు చట్టప్రకారం ఆయనది. బ్యాంకులో పంపిన ప్రతిసారీ ‘పాత బాకీ, 3వ వాయిదా’ అని వివరం రాసేవాణ్ణి.

నెల జరుపుకునే షరతు ఆయనకు మొదట నచ్చలేదు. 2021 మేలో ఆంధ్రలో కర్ఫ్యూ వచ్చి, మధ్యాహ్నం పన్నెండుకే షట్టరు దించాల్సి వచ్చినప్పుడు ఏడో వాయిదా కట్టలేకపోయాను. వడ్డీ రూ. 1,236 మాత్రం పంపాను. షరతు కాగితం మీద ఉంది కాబట్టి మాట రాలేదు.

పన్నెండు చెక్కులు ముందే రాసిమ్మని అడుగుతారు. అమ్మకాల మీద ఆధారపడి కట్టేవాళ్లు ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒక్క చెక్కు తిరిగొచ్చి, నోటీసు అందిన పదిహేను రోజుల్లో సొమ్ము కట్టకపోతే క్రిమినల్ కేసు దాకా పోతుంది. తప్పనిసరైతే రెండు మూడు నెలలకే ఇస్తామనండి.

ఇక జీఎస్టీ. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సొమ్ము కట్టకపోతే, ఆ బిల్లుపై తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. ఆయన గడువు పొడిగించినా ఈ లెక్క ఆగదు. బిల్లు సొమ్ము కట్టాక ఆ క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు. పాత బిల్లు మొదలుకొని జమ వేయమన్నది ఇందుకు కూడా. కాంపొజిషన్‌లో ఉన్నవారికి క్రెడిటే లేదు కాబట్టి ఈ బెడద ఉండదు. ఆలస్యపు వడ్డీ మీద కూడా సరుకుకు ఉన్న రేటే పన్ను పడుతుంది. అయిదు శాతం సరుకైతే రూ. 2,400 వడ్డీకి రూ. 120. అది ఎవరు భరించాలో సంతకాలకు ముందే మాట్లాడుకోండి.