అరవై పిక్సెళ్లలో నీ పేరు: కొత్త పాడ్‌కాస్టర్‌కు లేఖ

అమ్మాయీ,

నువ్వు పంపిన పేర్ల జాబితా, కవర్ బొమ్మ, రెండు నిమిషాల పరిచయం ఆడియో, ప్రతివారం వచ్చే ఐదు శీర్షికల పట్టిక అన్నీ చూశాను. టెలిస్కోపు లేకుండా రాత్రి ఆకాశం చూడటం నేర్పే వారపు పాడ్‌కాస్ట్, దానికి తోడుగా ఒక న్యూస్‌లెటర్. విషయం తేటగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, నువ్వు పంపిన నాలుగూ నాలుగు వేర్వేరు కార్యక్రమాలవిలా ఉన్నాయి. పేరు వింటే పండిత సభ గుర్తొస్తోంది, బొమ్మ చూస్తే పాఠ్యపుస్తకం అట్ట, పరిచయం వింటే రేడియో ప్రకటన. ఇవన్నీ ఒకే చేతి పని అని తెలియాలంటే నాలుగూ ఒకే వాక్యంలోంచి పుట్టాలి. ఆ వాక్యం నీ ఉత్తరం చివర్లో దాక్కుని ఉంది: "ఈ రాత్రి బయటికెళ్లి తలెత్తితే ఏం కనిపిస్తుందో చెబుతాను." దాన్ని ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకో.

ముందు పేరు. "ఖగోళ జ్ఞాన తరంగిణి" వద్దు. అది ఏ విషయం గురించో చెబుతుంది కానీ వినేవాళ్లు ఏం చెయ్యాలో చెప్పదు. పైగా ఫోన్ తెర మీద "ఖగోళ జ్ఞాన త…" దగ్గర తెగిపోతుంది. నీ రెండో ఎంపిక "రాత్రి తొమ్మిదికి" వినడానికి చాలా బాగుంది. నీ వాక్యానికి దగ్గరగా కూడా ఉంది. కానీ దాన్ని వెతకడానికి ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి చూడు. ఒకరు `ratri` అని కొడతారు, ఇంకొకరు `raatri`, మరొకరు `rathri`. `tommidi`, `thommidi` గొడవ సరేసరి. మన పేర్లకు ఉన్న అసలు ఇబ్బంది ఇదే. దీర్ఘాన్ని ఒక `a` తో రాయాలా రెండింటితోనా, త-కారానికి `h` తగిలించాలా వద్దా అన్నదానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. అందుకే దీర్ఘాలు, త, ద తక్కువగా ఉన్న పేరు దొరికితే సగం పని అయినట్టే.

నీ జాబితాలో తొమ్మిదో పేరు, నువ్వే కొట్టేసినది, "చుక్కల లెక్క". ఎందుకు కొట్టేశావో తెలీదు గానీ నేనైతే దాన్నే తీసుకుంటాను. రెండే మాటలు, రెండింట్లోనూ క-వత్తు, నోటికి పట్టుకునే లయ. `Chukkala Lekka` అని దాదాపు అందరూ ఒకేలా టైపు చేస్తారు. ఒక్క పేచీ ఉంది. "చుక్క" అంటే మందు చుక్క కూడా కదా, వెతికేటప్పుడు ఆ బాపతు వీడియోలు పక్కన తేలవచ్చు. దానికి విరుగుడు పేరు మార్చడం కాదు, పేరు కింద ఉండే ఒక్క వరుస: "ఈ వారం ఆకాశంలో ఏం చూడాలి".

ఖాయం చేసేముందు ఒక పరీక్ష పెట్టు. ఐదుగురికి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పు, అక్షరాలు విడదీసి చెప్పకుండా. విన్నట్టుగా తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాసి పంపమను. నలుగురు ఒకే స్పెల్లింగు పంపితే పేరు నిలిచింది. ముగ్గురు మూడు రకాలుగా పంపితే ఆ పేరుతో నీకు జీవితాంతం తిప్పలే. ఆ తర్వాత అదే పేరుతో ఇప్పటికే ఎవరైనా నడుపుతున్నారేమో పాడ్‌కాస్ట్ యాప్‌లలో రెండు లిపుల్లోనూ వెతుకు. ఫీడ్‌లో శీర్షిక గడిలో రెండూ ఉండాలి:

```
<title>చుక్కల లెక్క | Chukkala Lekka</title>
```

అంతకు మించి ఆ గడిలో ఏమీ కుక్కకు. వెతుకులాటలో పైకి రావాలని ఖగోళం, నక్షత్రాలు, సైన్స్, తెలుగు పాడ్‌కాస్ట్ అంటూ మాటలు పేర్చే అలవాటు చాలామందికి ఉంది. అలాంటి శీర్షికలను యాపిల్ తిరస్కరించవచ్చు. తిరస్కరించకపోయినా అది పేరులా కాక దుకాణం బోర్డులా కనిపిస్తుంది.

ఇక కవర్. నువ్వు పంపినది పాలపుంత ఫొటో, దాని మీద మైకు, హెడ్‌ఫోన్స్, పైన సన్నని అక్షరాల్లో పేరు. మైకు బొమ్మ తీసెయ్. పాడ్‌కాస్ట్ యాప్‌లో ఉన్నవాళ్లకు ఇది పాడ్‌కాస్ట్ అని మళ్లీ చెప్పక్కర్లేదు. ఫొటో కూడా తీసెయ్, ఎందుకంటే కంటికి అలా కనిపించని ఆకాశాన్ని చూపించి, కంటితో చూడమని చెప్పే కార్యక్రమం మొదలుపెడుతున్నావు.

యాపిల్ అడిగేది చతురస్రం, 1400 నుంచి 3000 పిక్సెళ్ల వరకు, జేపీజీ లేదా పీఎన్‌జీ, ఆర్‌జీబీ రంగుల్లో. నువ్వు 3000 లోనే గీయి. కానీ తీర్పు మాత్రం 60 పిక్సెళ్ల దగ్గర ఇవ్వు, జాబితాలో బొమ్మ కనిపించేది దాదాపు అంతే. బొమ్మను 60కి కుదించి, మరో ఎనిమిది కవర్ల మధ్య పెట్టి, ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడు. పేరు చదవగలిగితే సరే. లేకపోతే పెద్ద సైజులో ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

ఇక్కడే తెలుగు లిపి నిన్ను ఇబ్బంది పెడుతుంది. "చుక్కల" పై వరుసలో, "లెక్క" కింది వరుసలో పెట్టావనుకో. పై మాటలోని క-వత్తు కిందికి దిగుతుంది, కింది మాటలోని ఎత్వం పైకి లేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే వరుస ఎడం ఇస్తే ఈ రెండూ ఢీకొంటాయి, 60 పిక్సెళ్లలో అది నల్లటి మచ్చ అవుతుంది. ఎడం పెంచు. పెంచితే రెండు మాటలూ విడిపోయినట్టు కనిపిస్తాయి కాబట్టి, కింది మాటను కొంచెం కుడికి జరిపి వత్తు దిగే చోట ఖాళీ వచ్చేలా చూడు. అక్షరం లావుగా ఉండాలి. రామభద్ర లాంటి ఫాంటులో గీత మందం కుదించినా నిలుస్తుంది. సన్నని ఫాంటుల్లో ముందు మాయమయ్యేది తలకట్టు. తలకట్టు పోతే మాట చదవడానికి కన్ను తడుముకుంటుంది.

ఇంకో మాట. నీ బొమ్మలో "జ్ఞాన" అన్నది "జ్‌ఞాన" అని విడిపోయి ఉంది, గమనించావా? అది ఫాంటు తప్పు కాదు. పాత ఫొటోషాప్ వెర్షన్లలో భారతీయ లిపులను కలిపే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే వత్తులు ఇలా చెదురుతాయి. సెట్టింగుల్లో `World-Ready Layout` ఎంచుకుని, మాటను మళ్లీ టైపు చెయ్యి. సరిగ్గా వచ్చాక అక్షరాలను ఆకారాలుగా మార్చి భద్రపరుచుకుంటే, వేరే కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. రాత్రి ఆకాశమని ముదురు నీలం వేశావు. ఫోన్ డార్క్ మోడ్‌లో ఉంటే ఆ బొమ్మ అంచులు తెరలో కలిసిపోతాయి. సాయంసంధ్య నారింజ వేసి, ముదురు అక్షరాలు పెట్టు. పేరు పక్కన చాచిన చేతి పిడికిలి, దాని పైన ఒకే చుక్క. పిడికిలి ఎందుకో కింద చెబుతాను. మూలలకు దగ్గరగా ఏమీ పెట్టకు, కొన్ని యాప్‌లు మూలలను గుండ్రంగా కోసేస్తాయి.

పరిచయం. నీ రెండు నిమిషాల్లో సంగీతమే ముప్పై సెకన్లు, ఆ తర్వాత నీ చదువు, ఆ తర్వాత ఆకాశం గొప్పతనం. మొదటిసారి వినేవాళ్లు చుక్క కనిపించకముందే వెళ్లిపోతారు. ప్రతివారం వినేవాళ్లు వేలితో ముందుకు తోసేస్తారు, అదీ అలవాటైపోతుంది. మొత్తం ముప్పై సెకన్లకు దించు, అందులో సగం ఆ వారపు సంగతికే ఇవ్వు. ఇలా:

"సూర్యుడు అస్తమించాక పడమటికి తిరిగి, చెయ్యి చాచి పిడికిలి బిగించండి. నేలకు రెండు పిడికిళ్ల ఎత్తులో, మినుకుమనకుండా వెలిగేది ఒకటి కనిపిస్తుంది. అది చుక్క కాదు, శుక్రుడు."

ఇక్కడ మూడు సెకన్ల సంగీతం. ఆ తర్వాత ఏ వారమూ మారని వాక్యం: "ఇది చుక్కల లెక్క. ఈ వారం ఆకాశంలో ఏం చూడాలో చెప్పే పావుగంట." వెంటనే విషయంలోకి. నీ పేరు ఆ తర్వాత ఎక్కడో ఒకచోట సహజంగా వస్తుంది.

మారని వాక్యాన్ని ఒకసారి రికార్డు చేసి అన్ని ఎపిసోడ్లకూ అతికించే పద్ధతి నాకు నచ్చదు. ఆ రోజు గది వేరు, గొంతు వేరు, మైకు దూరం వేరు, ఆ అతుకు చెవికి తెలుస్తుంది. మాటలు మారకూడదు, గొంతు మాత్రం ప్రతివారం కొత్తగా రావాలి. సంగీతం ఒక్కటే అదే ఫైలు. మాట మొదలయ్యేసరికి దాన్ని బాగా, 15 డెసిబెల్స్ దాకా, తగ్గించు. మొత్తం ఎపిసోడ్ సగటు శబ్దాన్ని LUFS అనే కొలతలో -16 దగ్గర ఉంచితే ముందు విన్న కార్యక్రమం నుంచి నీ దానికి వచ్చినవాళ్లు వాల్యూమ్ వెతుక్కోరు. సంగీతం "రాయల్టీ ఫ్రీ" అని రాసి ఉన్నంత మాత్రాన ఉచితమనుకోకు. లైసెన్సు కాగితాన్ని ఆ ఫైలు పక్కనే దాచు.

శీర్షికలు ఐదు చాలా ఎక్కువ. రెండుకు మించి వద్దు. "శ్రోతల ఉత్తరాలు" మొదటి రోజే పెట్టావు, ఇంకా శ్రోతలే లేరు కదా! ఉత్తరాలు రాకపోతే నువ్వే కల్పించాల్సి వస్తుంది, ఆ కల్పన గొంతులో పట్టుబడుతుంది. పది నిజమైన ప్రశ్నలు చేతికొచ్చాక మొదలుపెట్టు. "అంతరిక్ష వార్తలు" కూడా వద్దు, అవి అందరి దగ్గరా దొరుకుతాయి, నెల తిరిగేసరికి పాతబడతాయి.

నిలిచేది "పిడికెడు దూరం". చాచిన చేతి పిడికిలి అడ్డం దాదాపు పది డిగ్రీలు, చిటికెన వేలు దాదాపు ఒక డిగ్రీ. ఈ కొలతతో ప్రతివారం ఒకదాన్ని చూపించు. సప్తర్షుల్లో పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత సాగదీస్తే క్రతువు నుంచి మూడు పిడికిళ్లకు కొంచెం తక్కువ దూరంలో ధ్రువ నక్షత్రం. వినేవాళ్ల చెయ్యే నీ పరికరం, కవర్ మీద ఉన్నదీ అదే చెయ్యి, పరిచయంలో మొదట పలికిందీ అదే. న్యూస్‌లెటర్‌లో కూడా ఇదే పేరుతో, ఇదే చోట, ఒక గీత బొమ్మతో పెట్టు. పంపేవారి పేరు ఎప్పుడూ "చుక్కల లెక్క" అనే ఉండాలి. అందుకే సబ్జెక్టులో ఆ పేరు మళ్లీ రాయకుండా ఆ వారపు చుక్కతో మొదలుపెట్టు. ఎపిసోడ్ పేరుకూ ఇదే లెక్క. "ఎపిసోడ్ 14" ముందు పెడితే తెర మీద మిగిలేది ఆ అంకె ఒక్కటే.

శీర్షిక నిలుస్తుందో లేదో తేల్చడానికి ఇరవై వారాలకు సరిపడా సంగతులు ఒక్కో వరుస చొప్పున రాయి. పన్నెండు దగ్గర ఆగిపోతే అది శీర్షిక కాదు, ఒక్క ఎపిసోడ్‌లో చెప్పెయ్యాల్సిన విషయం. ఇరవై నిండిందా, అప్పుడు దానికి రెండు సెకన్ల గుర్తు శబ్దం పెట్టు.

ఆ ఇరవై వరుసలూ, ఐదుగురు పంపిన స్పెల్లింగులూ, కొత్త కవరూ పంపు. కవర్ 3000 సైజుది వద్దు, 60 పిక్సెళ్లదే పంపు.

ఆశీస్సులతో.