మరచెంబు చేతికిచ్చి అడుగు

చిన్నీ,

ఆదివారం నాయనమ్మ దగ్గరికి వెళ్తున్నానని, ఏం మాట్లాడాలో తోచట్లేదని అన్నావు కదా. మా అత్తగారితో చివరి ఆరేళ్లు గడిపినదాన్ని కాబట్టి, నా పొరపాట్లతో సహా రాస్తున్నాను.

"మీ పాత రోజుల గురించి చెప్పండి అత్తయ్యా" అని మొదట్లో నేనూ అడిగాను. "ఏముందమ్మా చెప్పడానికి" అని టీవీ వైపు తిరిగేవారు. అంత పెద్ద ప్రశ్న అడిగితే ఎవరికైనా ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలియదు. ఒకరోజు అటక సర్దుతుంటే ఇత్తడి మరచెంబు దొరికింది. చింతపండుతో తోమి ఆవిడ చేతిలో పెట్టి, "దీంట్లో నీళ్లు పోసుకుని ఎక్కడికి వెళ్లేవారు?" అన్నానంతే. బిగుసుకుపోయిన మూతని తిప్పుతూ, విసుక్కుంటూ, గోదావరి పుష్కరాలకి రైల్లో వెళ్లిన సంగతి మొదలుపెట్టారు. ఆ రోజు మేం అన్నం తినేసరికి మూడైంది.

నువ్వూ ఏదో ఒక వస్తువు, లేదా పాత ఫోటో ముందు పెట్టుకో. ఎందుకు అని అడగకు, ఎక్కడ, ఎవరెవరు, ఏం వండారు అని అడుగు. పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల వయసు మధ్య జరిగినవే పెద్దవాళ్లకి బాగా గుర్తుంటాయి. కాబట్టి "కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి ఎక్కడుండేది?" లాంటిది పనికొస్తుంది. అడిగాక కాసేపు ఊరుకో. ఆ మౌనంలో ఆవిడ వెతుక్కుంటూ ఉంటుంది, నువ్వు ఇంకో ప్రశ్న వేస్తే చేతికి అందబోయింది జారిపోతుంది.

నేను చేసిన తప్పు ఇదీ. 91 పుష్కరాలప్పుడు మీ పెదనాన్న చంకలో పిల్లాడని అత్తయ్య అన్నారు. "91 కాదత్తయ్యా, 79 అయ్యుంటుంది" అన్నాను. లెక్క నాదే కరెక్టు. కానీ "నాకేం గుర్తుంటాయిలే" అని ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. సంవత్సరాలు తప్పితే తప్పనీ, ఆవిడ చెబుతున్నది చంకలో పిల్లాడి గురించి.

చెప్పిందే మళ్లీ చెబితే "ఇది చెప్పావుగా" అనకు, "అప్పుడు పక్కన ఎవరున్నారు?" అని అడుగు, కథ కొత్త దారి పడుతుంది. ఏడుపొస్తే మాట మార్చకుండా పక్కన కూర్చో. గంటలోనే అదే మాట నాలుగుసార్లు అడుగుతూ, అన్నం తిన్న సంగతి కూడా మర్చిపోతుంటే మాత్రం మీ నాన్నకి చెప్పి డాక్టరుకి చూపించండి.

వెళ్లగానే టీవీ కట్టేయించి, ఆవిడకి బాగా వినపడే చెవి వైపు, మొహం కనిపించేలా కూర్చో. అరవకు. పెద్దవాళ్లకి కీచు శబ్దాలు ముందుగా వినపడకుండా పోతాయి, అరిస్తే గొంతు ఇంకా కీచుగా మారుతుంది. నెమ్మదిగా మాట్లాడితే చాలు. ఫోన్‌లో రికార్డు చేయాలంటే ముందు అడుగు.

ఇంటికొచ్చాక బుధవారం ఫోన్ చెయ్యి. మాత్రలు వేసుకున్నావా అని అందరూ అడుగుతారు. నువ్వు మాత్రం, "మొన్న చెప్పావు చూడు, గోంగూర పచ్చడికి పోపు ఎప్పుడు పెట్టాలన్నావు? నేనిప్పుడు పొయ్యి దగ్గరే ఉన్నా" అని అడుగు.

పెద్దమ్మ